ముగ్గుపిండితో పూర్తి చేసిన వర్గం

జూలై చివర్లో గుంటూరు వెళ్లినప్పుడు మా అమ్మాయి సెలవుల హోంవర్క్ వెంట తెచ్చుకుంది. మేం ఇంగ్లండ్‌లో ఉంటాం, తనకి 15 ఏళ్లు. బ్రాడీపేటలో మా నాన్నగారి ఇంటి వరండాలో కూర్చుని ఒక లెక్క దగ్గర ఆగిపోయింది. x ఏ వాస్తవ సంఖ్య అయినా 2x² − 12x + 23 ఎప్పుడూ ధనాత్మకమేనని నిరూపించి, దాని కనిష్ఠ విలువ చెప్పాలి.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన లెక్క తెలుగులోనే చెప్తారు. మా అమ్మాయి తెలుగేమో అన్నం, నిద్ర, బట్టలు, అమ్మమ్మతో కబుర్లు, అంతవరకే. చదువంతా ఇంగ్లీషులో. మధ్యలో నేను మాటలు అందించాల్సి వస్తుందని ఇద్దరి పక్కనా కూర్చున్నాను.

అమ్మాయి x బదులు 0 నుంచి 5 దాకా వేసింది. 23, 13, 7, 5, 7, 13 వచ్చాయి.

"అన్నీ ప్లస్సే తాతయ్యా. తగ్గి మళ్లీ పెరుగుతోంది. చాలదా?"

ఆయన ఔననలేదు, కాదనలేదు. కింద ఇంకో లెక్క రాశారు: 5x² − 35x + 61. "ఇదీ చూడు తల్లీ." అది మళ్లీ 0 నుంచి మొదలుపెట్టింది. 61, 31, 11, 1, 1, 11. ఇదీ ఎప్పుడూ ప్లస్సేనని ధీమాగా చెప్పింది. "మూడున్నర వెయ్యి" అన్నారు. వేసింది. 61.25 − 122.5 + 61. మైనస్ పావు వచ్చింది. నమ్మలేక రెండోసారి చేసింది, మళ్లీ అదే. పూర్ణసంఖ్యలు ఎన్ని వేసినా మైనస్ కనబడదు, ఎందుకంటే అది కిందికి దిగేది 3కీ 4కీ మధ్య సన్నటి జాగాలోనే. విలువలు వేసి చూడటం నిరూపణ ఎందుకు కాదో నేను ఎన్ని మాటల్లో చెప్పినా ఇంత బాగా ఎక్కేది కాదు.

అప్పుడు నాన్నగారు అమ్మ ముగ్గు డబ్బా తెప్పించారు. కాస్త తేలిక లెక్క తీసుకున్నారు, x² + 6x + 13. గచ్చు మీద ముగ్గుపిండితో ఒక చతురస్రం గీశారు, భుజం x. దాని వైశాల్యం x². 6xని రెండు సమాన భాగాలు చేసి, 3 వెడల్పూ x పొడవూ ఉన్న పట్టీ ఒకటి కుడిపక్కన, ఒకటి కింద అతికించారు. ఇప్పుడు చూస్తే పెద్ద చతురస్రం దాదాపు అయిపోయింది, కుడివైపు కింది మూల ఒక్కటే ఖాళీ. "ఆ మూలకి ఎంత కావాలి?" అమ్మాయి వేలితో కొలిచినట్టు చూపించి, మూడు మూళ్లు తొమ్మిది అంది. "మన దగ్గర 13 ఉన్నాయిగా. 9 మూలకి పెట్టు. ఎంత మిగిలింది?" నాలుగు. అంటే x² + 6x + 13 = (x + 3)² + 4.

తను కాసేపు ఆ ముగ్గునే చూస్తూ ఉండిపోయింది. ఇంగ్లీషులో ఈ పద్ధతిని 'కంప్లీటింగ్ ద స్క్వేర్' అని రోజూ అంటూనే ఉన్నా, అందులో నిజంగా ఒక స్క్వేర్ బొమ్మ ఉందని ఎప్పుడూ తట్టలేదట. నా సంగతి ఇంకోలా ఉంది. నేను తెలుగు మీడియంలో 'వర్గమును పూర్తిచేయుట' నేర్చుకున్నాను. మనకి సంఖ్య అయితే వర్గం, బొమ్మ అయితే చతురస్రం, మాటలు రెండు. అందుకేనేమో వర్గం పూర్తి చేయడమంటే చతురస్రం పూర్తి చేయడమేనని నాకూ ఆ రోజే కళ్లకు కట్టింది. "మరి తెలుగులో రెండు మాటలెందుకు తాతయ్యా?" అని అడిగింది. "ఆకారం చతురస్రం, దాని వైశాల్యాన్ని లెక్కేస్తే భుజానికి వర్గం" అన్నారాయన. ఆ జవాబుని నేను ఇంగ్లీషులోకి మార్చబోతే, అర్థమైందమ్మా అని ఆపేసింది.

తర్వాత అసలు లెక్కకి వచ్చింది. ముందు రెండు పదాల్లోంచీ 2 బయటికి తీసి 2(x² − 6x) + 23 అని రాసింది. 6లో సగం 3, దాని వర్గం 9. 9 కలిపి 9 తీసేసి, చివరికి 2(x − 3)² + 14 అని తేల్చింది. 

సరిగ్గా అప్పుడే మా అన్నయ్య కొడుకు ట్యూషన్ నుంచి వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. లెక్క చూసి నిలబడే (4ac − b²)/4a వేశాడు. 184లోంచి 144 పోతే 40, దాన్ని 8తో భాగిస్తే 5. "కనిష్ఠం 5, నీది తప్పు" అన్నాడు. అమ్మాయికి రోషం వచ్చింది. "ఆ ఫార్ములా ఎక్కణ్ణించి వచ్చింది బావా?" అంటే వాడి దగ్గర జవాబు లేదు.

నాన్నగారు ఎవరి పక్షమూ తీసుకోలేదు. "మీ ఇద్దరిలో ఎవరిది ఒప్పో తేలాలంటే x = 0 వెయ్యండి" అన్నారు. అసలు లెక్కలో 23 వస్తుంది. అమ్మాయి రాసినదాంట్లో 2 × 9 + 14, అంటే 32. తప్పు ఉందని తేలింది కానీ ఎక్కడుందో వెతుక్కోవాలి. తనే పట్టుకుంది. −9 బ్రాకెట్ లోపలిది, బయట 2 కాచుక్కూర్చుంది. బయటికొచ్చేటప్పుడు అది −18 అవుతుంది. 23 − 18 = 5. కాబట్టి 2(x − 3)² + 5. ఈ పద్ధతిలో పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడేనని, తన సర్వీసంతా దిద్దిన తప్పు ఇదేనని ఆయన చెప్పారు.

అక్కడ పెన్ను మూసేయబోతే ఆపారు. నిరూపణ ఇంకా రాయలేదు. వాస్తవ సంఖ్య వర్గం సున్నా కంటే తగ్గదు, కాబట్టి 2(x − 3)² ≥ 0, కాబట్టి మొత్తం కనీసం 5, అంటే ధనాత్మకం. ఇది ఒక మాట. కానీ కనిష్ఠ విలువ 5 అనాలంటే ఇంకో మాట కావాలి. x = 3 దగ్గర వర్గం సున్నా అయి, విలువ నిజంగా 5కి చేరుతుంది. "1 కంటే తగ్గదు అన్నా అబద్ధం కాదు. కానీ అది 1ని ఎప్పుడైనా తాకుతుందా?" అని అడిగారు. తాకదని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

మా అన్నయ్య కొడుకు ఆ కాగితం మీదే ax² + bx + cకి ఇదే పని మొదలుపెట్టాడు. bని aతో భాగించి సగం చేసే దగ్గర కాస్త తడబడ్డాడు, మా అమ్మాయి సరిచేసింది. చివర్లో వాడి ఫార్ములాయే మిగిలింది. a రుణాత్మకమైతే అదే గరిష్ఠ విలువ అవుతుందని కూడా వాడే చూశాడు.

వెలుగు తగ్గుతుంటే అమ్మ, దీపం పెట్టే వేళైంది, గచ్చు కడుక్కుంటాను లేవండి అంది. నాన్నగారు ముగ్గు చెరపకుండా ఒక్క నిమిషం ఆగమని, ఆఖరి ప్రశ్న వేశారు. "(x + 3)² + 4కి కనిష్ఠం ఎంత?" x = −3 దగ్గర 4 అంది అమ్మాయి. "మరి ఈ ముగ్గులో x భుజం కదమ్మా, −3 పొడవు ఎలా గీస్తావు?"

అది ముగ్గు వైపు చూసి, భుజాన్ని అరచేతుల మధ్య తగ్గిస్తూ తగ్గిస్తూ చేతులు రెండూ కలిపేసింది. "x సున్నా కంటే తగ్గకపోతే, 13 కంటే తగ్గదు తాతయ్యా" అంది.