సర్వర్ గదికి గ్యాస్, రికార్డు గదికి నీళ్లు: ఒక ఆఫీసులో ఫైర్ సిస్టమ్ వేయించిన అనుభవం

హైదరాబాద్‌లో ఒక ఆఫీసు అంతస్తుకు ఫైర్ సిస్టమ్ డ్రాయింగ్ దగ్గర్నుంచి కమిషనింగ్ దాకా మేమే చేశాం. అందరూ కూర్చునే హాలు, రికార్డు గది, క్యాంటీన్ వంటగది, కింద రేకుల షెడ్డులో జనరేటర్, మధ్యలో చిన్న సర్వర్ గది. ఆఫీసు తరఫున మాట్లాడినాయన మొదట అడిగింది ఇదే: "అన్ని గదులకీ స్మోక్ డిటెక్టర్లు పెట్టేస్తే సరిపోదా అండీ?"

సరిపోదు. వంటగదిలో పోపు వేసిన ప్రతిసారీ హూటర్, అంటే అలారం సైరన్, మోగితే, వారం తిరక్కముందే ఎవరో ఒకరు ఆ జోన్‌ను ప్యానెల్‌లో ఐసోలేట్ చేసేస్తారు. అలా ఆపేసిన జోన్ కంటే అసలు డిటెక్టర్ లేని గదే నయం, కనీసం లేదని తెలుస్తుంది. వంటగదిలో హీట్ డిటెక్టరే వేశాం. అందులోనూ ఉష్ణోగ్రత ఎంత వేగంగా పెరుగుతోందో చూసే రకం వద్దనుకున్నాం. అది నిమిషానికి సుమారు 8 డిగ్రీలు పెరిగితే మోగుతుంది, ఇడ్లీ స్టీమర్ మూత తీసినా చాలు. నిర్ణీత ఉష్ణోగ్రతకు మోగే రకం తీసుకున్నాం. జనరేటర్ షెడ్డుకూ అదే, ఎందుకంటే స్టార్ట్ చేసిన మొదటి క్షణంలో వచ్చే డీజిల్ పొగకు స్మోక్ డిటెక్టర్ తట్టుకోలేదు. మే నెలలో రేకుల కింద గాలి 50 డిగ్రీలు దాటొచ్చు కాబట్టి 57 డిగ్రీలది కాకుండా అంతకంటే ఎక్కువ రేటింగ్‌ది పెట్టాం. పొయ్యి మీది నూనె మంట సంగతి వేరు. దాని మీద నీళ్లు పడితే మంట ఎగజిమ్ముతుంది. పొయ్యి పైన పొగ లాగే హుడ్ లోపల, నూనె మంటను ఆర్పే ద్రవం చల్లే వెట్ కెమికల్ నాజిళ్లు ఉండాల్సిందే.

హాలులో ఆప్టికల్ స్మోక్ డిటెక్టర్లు. ఏ చోటు నుంచి చూసినా 7.5 మీటర్ల లోపు ఒకటి ఉండాలి. హీట్ డిటెక్టర్ అయితే ఆ దూరం 5.3 మీటర్లే. ఏసీ గాలి నేరుగా తగలకుండా డిఫ్యూజర్‌కు మీటరు దూరం వదలాలి, లేదంటే చల్లగాలి పొగను పక్కకు తోసేస్తుంది. ఇంటీరియర్ పని జరిగేటప్పుడు దుమ్ము పడకుండా తొడిగిన ప్లాస్టిక్ టోపీలు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. టెస్ట్ స్ప్రేతో ఒక్కొక్కటీ మోగించి చూస్తే, మూడింటికి టోపీ అలాగే ఉంది. ప్యానెల్‌లో అవన్నీ "నార్మల్" అనే చూపిస్తున్నాయి. టోపీ ఉన్న సంగతి ప్యానెల్‌కు తెలియదు మరి.

రికార్డు గది దగ్గర ఆఫీసువాళ్లకూ మాకూ కాస్త వాదన నడిచింది. కాగితాలు తడుస్తాయి కాబట్టి గ్యాసే కావాలన్నారు. కట్టలు కట్టిన కాగితం పైన మంట ఆరినా లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. గ్యాస్ పలచబడగానే మళ్లీ అంటుకుంటుంది. లోపలి దాకా చల్లబరిచేది నీళ్లే. సినిమాల్లోలా అన్ని స్ప్రింక్లర్లూ ఒకేసారి కురవవు, గాజు బల్బు వేడెక్కి పగిలిన హెడ్ ఒక్కటే తెరుచుకుంటుంది. ఎర్ర బల్బు 68 డిగ్రీలకు, పసుపుది 79కి, ఆకుపచ్చది 93కి పగులుతుంది. గదిలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడికి మరో 30 కలిపి రంగు ఎంచుకోవాలి. రికార్డు గదికి ఎరుపు, వంటగదికి ఆకుపచ్చ తీసుకున్నాం.

ఆ గది 6 మీటర్లు పొడవు, 4 మీటర్లు వెడల్పు. ఒక్కో హెడ్‌కు 12 చదరపు మీటర్లు లెక్కన రెండు సరిపోయాయి. చిక్కు ర్యాకులతో వచ్చింది. పై అరలో ఫైళ్లు సీలింగ్‌కు జానెడు దూరం దాకా పేర్చి ఉన్నాయి. హెడ్ కింద అర మీటరు ఖాళీ లేకపోతే నీళ్లు గొడుగులా విచ్చుకోవు, ఎదురుగా ఉన్న కట్టకు తగిలి అక్కడే కారిపోతాయి. పై అర మొత్తం తీయించాం.

అసలు శ్రమంతా సర్వర్ గదిదే. ముందు గ్యాస్ ఎంపిక. కార్బన్ డయాక్సైడ్ వద్దన్నాం, మంట ఆర్పే మోతాదులో అది మనిషినీ చంపుతుంది. నైట్రోజన్, ఆర్గాన్ లాంటి ఇనర్ట్ గ్యాస్ మంచిదే కానీ సిలిండర్లకు చాలా చోటు కావాలి, పైగా విడుదలయ్యే శబ్దం తక్కువది కాదు. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లోని ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో డ్రిల్ కోసం ఇనర్ట్ గ్యాస్ వదిలితే, ఆ శబ్దానికి హార్డ్ డిస్కులు పాడై సేవలు గంటల తరబడి ఆగిపోయాయి. చివరికి హెచ్‌ఎఫ్‌సీ-227ఈఏ తీసుకున్నాం, బజారులో ఎఫ్‌ఎం-200 అంటారు.

గది 6 × 5 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, అంటే 90 ఘనపు మీటర్లు. గాలిలో 7.9 శాతం గ్యాస్ నిలవాలంటే 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు దాదాపు 0.625 కిలోలు కావాలి. మొదట వచ్చిన కొటేషన్‌లో 56 కిలోలు రాశారు. కానీ రైజ్డ్ ఫ్లోర్ కింద 30 సెంటీమీటర్లు, ఫాల్స్ సీలింగ్ పైన అర మీటరు ఖాళీ ఉంది. ఆ రెండూ కలిపితే 114 ఘనపు మీటర్లు, కావాల్సింది 71 కిలోలు. ఆ 56 కిలోలే ఈ మొత్తం చోటులోకి వదిలితే శాతం 6.3కు పడిపోతుంది. కేబుళ్లన్నీ నేల కిందే ఉంటాయి కాబట్టి అక్కడా, సీలింగ్ పైనా విడిగా నాజిళ్లు, డిటెక్టర్లు పెట్టించాం.

డిటెక్టర్లు రెండు జోన్లుగా అల్లుకుని ఉంటాయి. ఒక జోన్‌లో పొగ తగిలితే హూటర్ మాత్రమే మోగుతుంది. రెండో జోన్‌కూ తగిలాకే 30 సెకన్ల కౌంట్‌డౌన్ మొదలై, ఏసీ ఆగి, గాలి గొట్టాల్లోని డ్యాంపర్లు మూసుకుని, గ్యాస్ 10 సెకన్లలో వచ్చేస్తుంది. ఇదంతా పరీక్షించేటప్పుడు సిలిండర్‌ను తెరిచే యాక్చుయేటర్‌ను విప్పి పక్కన పెట్టి, దాని వైర్లకు 24 వోల్టుల బల్బు తగిలించాం. రెండు డిటెక్టర్లకు స్ప్రే కొట్టాక, ముప్పయ్యో సెకనుకు బల్బు వెలిగింది. అయితే బయటి గాలిని లోపలికి తోసే ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాల్సిన రిలేకు వైరు తప్పుగా కలిపారు. నిజంగా గ్యాస్ వచ్చి ఉంటే కాసేపట్లో సగం బయటికి పోయేది.

ఆఖరిది డోర్ ఫ్యాన్ టెస్టు. తలుపు చోట ఫ్యాన్ బిగించి, గదిలో పీడనం పెంచి, లీకు ఎంతో కొలుస్తారు. ర్యాకుల పై అంచు దాకా గ్యాస్ 10 నిమిషాలు నిలవాలి. మొదటిసారి నాలుగు నిమిషాలే వచ్చింది. ఈ గ్యాస్ గాలి కంటే దాదాపు ఆరు రెట్లు బరువు కాబట్టి లీకులు కింద వెతకాలి. ఫ్యాన్ తిరుగుతుండగా అగరుబత్తీ పట్టుకుని నేల అంచు వెంట నడిచాం. ఒక కేబుల్ ట్రే గోడలోకి వెళ్లే చోట పొగ తాడులా సాగి గోడ సందులోకి లాక్కుపోయింది. బయటి నుంచి సీల్ చేసినట్టే కనిపించింది కానీ, ట్రే అడుగున కేబుళ్ల మధ్య అరచేయంత ఖాళీ వదిలేశారు. ఫైర్ సీలెంట్ నింపి మళ్లీ కొలిస్తే 13 నిమిషాలు.

మూడు వారాలకు కొత్త ఫైబర్ లాగడానికి వచ్చినవాళ్లు అదే గోడకు రెండంగుళాల రంధ్రం పెట్టి వదిలేశారు. ఆ రోజే మూయించి, ఫ్యాన్ మళ్లీ తెప్పించాం.