ఆషాఢానికి ముందు చీరల అరలు సర్దుతూ

జ్యేష్ఠం ముగింపుకు వచ్చింది. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక చీరలన్నీ కిందికి దింపించి ఒక్కొక్క చీటీ చూస్తూ కూర్చున్నాను. అమ్మకపు ధరతో పాటు సరుకు వచ్చిన నెల, కొన్న ధర మాకు మాత్రమే తెలిసే అక్షరాల్లో ఆ చీటీ మీద ఉంటాయి. తగ్గింపు ఇవ్వాలా వద్దా అన్నది నేను ఆ నెలను బట్టే తేల్చుకుంటాను.

అంతలో వచ్చిన ఒకావిడ చీర నచ్చినా మడిచి ఇచ్చేసి, "ఆషాఢం రానీయండి, అప్పుడు ఎలాగూ తగ్గిస్తారుగా" అన్నారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. ఊళ్లో ఏటా అదే నెలలో, కొట్టు మొత్తం మీద తగ్గింపు పెడుతూ వస్తే, ముందు నెలలో పూర్తి ధర ఇవ్వడానికి ఎవరికైనా మనసెందుకు ఒప్పుతుంది?

ఏడువందలకు కొన్న చీరను వెయ్యికి అమ్మితే మూడువందలు మిగులుతాయి. ఇరవై శాతం తగ్గిస్తే మిగిలేది వంద మాత్రమే, కాబట్టి అదే లాభం రావాలంటే ఒక చీరకు బదులు మూడు అమ్ముడుపోవాలి. చిన్న కొట్టుకు అంత గిరాకీ ఒక్క నెలలో ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే కదిలే సరుకు ధరను నేను ముట్టుకోను. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి తప్పకుండా అడిగే పట్టుచీరలను ఆషాఢంలో తగ్గించి అమ్మడమంటే, రాబోయే లాభాన్ని ముందుగానే వదులుకోవడమే.

తగ్గించాల్సినవి వేరే ఉన్నాయి. రంగుల సెట్టులో చివరికి మిగిలిపోయిన ఒంటి చీరలు, ఏడాది దాటినా కదలనివి, జరీ నల్లబడడం మొదలైనవి, మడత దగ్గర రంగు వెలిసినవి ఎంత కాలం ఉంచితే అంత విలువ పోగొట్టుకుంటాయి. వాటిలో ఇరుక్కున్న డబ్బు బయటికి వస్తేనే శ్రావణం సరుకు తేగలం కనుక, కొన్న ధరకే పోయినా నాకు సమ్మతమే. వాటిని విడిగా ఒక బల్ల మీద పెట్టి, లోపమేమిటో కొనేవారికి చూపించి, అయిపోగానే బల్ల తీసేస్తాను. ఆ పని ఆషాఢంలోనే చేయాలన్న నియమం పెట్టుకోను, రేపే మొదలుపెడతాను. తేదీ ముందుగా తెలియకపోతే దాని కోసం ఎదురుచూసేవారు ఉండరు.

మంచి చీర దగ్గర గట్టిగా బేరమాడేవారికి ధర తగ్గించే బదులు ఫాల్, పీకో ఉచితంగా చేయించి ఇస్తాను. దానికయ్యే ఖర్చు తక్కువ, పైగా చీర ధర వారి మనసులో వెయ్యిగానే నిలుస్తుంది.

రాత్రి ఖాతా పుస్తకంలో నిరుటి జ్యేష్ఠ, ఆషాఢ, శ్రావణాల అమ్మకాలు కలిపి ఒకచోట రాసుకున్నాను. ఆషాఢం ఒక్కటే చూస్తే తగ్గింపు ఎప్పుడూ గెలిచినట్టే కనిపిస్తుంది. మూడు నెలల మొత్తం పెరగకుండా ఆషాఢం మాత్రమే పెరిగితే కొత్త గిరాకీ ఏమీ రాలేదని, ముందూ వెనకా పూర్తి ధరకు కొనాల్సినవారే ఆ నెలకు జరిగారని అర్థం. ఈ ఏటి లెక్క కూడా శ్రావణం ముగిశాక దాని పక్కనే రాస్తాను.