నాలుగు గళ్లు, ఒక పేరు, నా పాండిత్యం

మొన్న బుధవారం మా అమ్మాయి పాస్‌పోర్టు వీసాతో సహా ఆలస్యంగా చేతికి వచ్చింది. ఆలస్యానికి కారణం డబ్బు కాదు, మార్కులు కాదు, ఆరోగ్య పరీక్ష కాదు. పేరు. ఆ తప్పులో సగం విజయవాడలోని ఒక కన్సల్టెన్సీది, సగం నాది. వాళ్ల సగాన్ని చెప్పడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు. నా సగం చెప్పడానికే కొంచెం మనసు కూడదీసుకోవలసి వచ్చింది.

ముప్పై ఏళ్లకు పైగా ఉపాధ్యాయుడిగా పనిచేశాను. అందులో చివరి పదకొండేళ్లు ప్రధానోపాధ్యాయుడిని. పదో తరగతి నామినల్ రోల్స్ ఎన్ని వేల పేర్లతో నింపానో లెక్క లేదు, నా చేతి మీదుగా వెళ్లిన పేరులో ఒక్క అక్షరం తప్పు పోయిందని ఎవరూ వెనక్కి రాలేదు. అలాంటివాడి కూతురి పేరు తప్పు పోయింది.

అమ్మాయికి రష్యాలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. సర్టిఫికెట్లు విదేశంలో చెల్లేలా అపోస్టిల్ ముద్ర వేయించడం, ఫొటోలు, రక్త పరీక్షలు, అన్నీ రెండు వారాల్లో అయిపోయాయి. వాటి గురించి చెప్పేందుకు ఏమీ లేదు. విశ్వవిద్యాలయం దరఖాస్తు నింపే రోజున కన్సల్టెన్సీ కుర్రవాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పేరు దగ్గర నాలుగు గళ్లు ఉన్నాయి: సర్‌నేమ్, ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, పాట్రనిమిక్.

ఆ కుర్రవాడు అమ్మాయి పదో తరగతి మార్కుల జాబితా ముందు పెట్టుకుని నింపుతున్నాడు. అందులో మన పద్ధతి ప్రకారం ఒకే వరసలో ‘తాటికొండ నాగ వెంకట లిఖిత’ అని ఉంటుంది. గళ్లు ఉండవు. ఏది ఇంటిపేరో, ఏది పెట్టిన పేరో తెలుగువాడు చూసి గ్రహించవలసిందే తప్ప కాగితం చెప్పదు. ఇతను ఫస్ట్ నేమ్ అంటే మొదటి మాట, సర్‌నేమ్ అంటే లాస్ట్ నేమ్ కనుక చివరి మాట అనుకున్నాడు. తాటికొండ ఫస్ట్ నేమ్ అయింది, నాగ వెంకట మిడిల్ నేమ్ అయింది, లిఖిత సర్‌నేమ్ అయింది. ఇంగ్లీషువాళ్లకు ఇంటిపేరు చివర వస్తుంది కనుక దానికి వాళ్లు లాస్ట్ నేమ్ అని పేరు పెట్టుకున్నారు. మన ఇంటిపేరు ముందు నడుస్తుంది. ముందు నడిచినా అది వాళ్ల లాస్ట్ నేమ్ గడిలోకే వెళ్లాలి. చోటును బట్టి కాదు, అది చేసే పనిని బట్టి. ఇది మూడో తరగతి పిల్లవాడికి చెప్పినా అర్థమవుతుంది.

మరి నేను పక్కనే ఉండి చూడలేదా? చూడలేదు. ఎందుకంటే నాలుగో గడి దగ్గర అతను ఆగి, “మాస్టారూ, ఇదేమిటండీ?” అని అడిగాడు. అంతే, నాకు పూనకం వచ్చింది.

కుర్రతనంలో విశాలాంధ్ర పుస్తకాల షాపులో సోవియట్ అనువాదాలు కొని చదివిన తరం మాది. ఒకే మనిషిని ఒక పేజీలో ఒక పేరుతో, మరో పేజీలో ఇంకో పేరుతో పిలిస్తే ఎవరు ఎవరో తెలియక జుట్టు పీక్కున్నవాళ్లం. ఆ కష్టం నుంచి నేర్చుకున్నదంతా ఆ రోజు ఆ కుర్రవాడికి అప్పజెప్పాను. రష్యాలో పేరు మూడు ముక్కలు, నడిమిది తండ్రి పేరు నుంచి పుడుతుంది. గగారిన్ పూర్తి పేరు యూరీ అలెక్సేయెవిచ్ గగారిన్, అంటే అలెక్సేయ్ కొడుకు. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మహిళ వలెంతీనా వ్లదీమిరొవ్న తెరిష్కోవా, అంటే వ్లదీమిర్ కూతురు. అదే పాట్రనిమిక్, పితృనామం. ఇలా పది నిమిషాలు చెప్పి, “కనుక అక్కడ నా పేరు రాయి” అన్నాను. శ్రీనివాసరావు అని రాశాడు. పై మూడు గళ్ల మీద నా చూపు ఒక్కసారి కూడా పడలేదు.

నెల తరువాత ఆహ్వాన పత్రం వచ్చింది. దాన్ని, పాస్‌పోర్టును పట్టుకుని పినాకిని రైలులో చెన్నై వెళ్లాం. వీసా కౌంటరులో ఉన్న అమ్మాయికి పాతికేళ్లు ఉంటాయి. పాస్‌పోర్టు ఒకసారి, పత్రం ఒకసారి చూసింది. మళ్లీ చూసింది. తరువాత మా అమ్మాయి ముఖం చూసి, “విద్యార్థి ఎవరు సార్? ఈ శ్రీనివాసరావు ఎవరు?” అంది. నేనే అన్నాను. “వీసా మీకా?” అంది. వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు, నేల చూసింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఊరుకోకుండా గగారిన్ దగ్గర నుంచి మొదలుపెట్టాను. ఆమె ఓపికగా విని, పాస్‌పోర్టు ఫొటో ఉన్న పేజీ అడుగున ఉండే అక్షరాలు, బాణం గుర్తుల వరసను వేలితో చూపించింది.

```
P<INDTATIKONDA<<NAGA<VENKATA<LIKHITHA<<<<<<<
```

“ఇందులో మీ పేరు ఎక్కడుంది సార్?” అంది.

లేదు. ఆ పాస్‌పోర్టు పదేళ్లుగా మా ఇంట్లో వాడుకలో ఉంది, మొదట చిన్నపిల్లల పాస్‌పోర్టుగా, తరువాత కొత్తదిగా. ఆ వరసను నేను ఏనాడూ చదవలేదు. ఆమె చెప్పింది ఇదీ: దేశాన్ని తెలిపే మూడు అక్షరాల తరువాత వచ్చేది ఇంటిపేరు. రెండు బాణం గుర్తులు పక్కపక్కన వస్తే ఇంటిపేరు అయిపోయిందని అర్థం. ఆ తరువాత ఉన్నదంతా పెట్టిన పేరు, దానిలో మాటకు మాటకు మధ్య ఒక్క గుర్తు. పేరు అయిపోయాక వరస నిండేదాకా ఖాళీలో అవే గుర్తులు పోస్తారు. ఇది ఒక్క మన దేశం పద్ధతి కాదు, యంత్రం చదివే పాస్‌పోర్టులన్నిటికీ అంతర్జాతీయంగా ఉన్న కొలమానం, వరసకు 44 అక్షరాలు. దానిలో పేరుకు రెండే భాగాలు. మిడిల్ నేమ్‌కు విడిగా చోటు లేదు, పితృనామానికి అసలే లేదు. తండ్రి పేరు మన పాస్‌పోర్టు చివరి పేజీలో ఉంటుంది, అది వేరే విషయం, అమ్మాయి పేరులో భాగం కాదు.

అంటే మిడిల్ నేమ్ అనేది ఫారం అడిగే ప్రశ్నే కానీ మన పాస్‌పోర్టులో ఉన్న వస్తువు కాదు. ‘నాగ వెంకట’ కూడా పెట్టిన పేరులోనిదే. గివెన్ నేమ్ లేదా ఫస్ట్ నేమ్ అన్న గడిలో మూడు మాటలూ కలిపి రాయాలి. మిడిల్ నేమ్ గడి తప్పనిసరి కాకపోతే ఖాళీగా వదలాలి. విడగొట్టి రాస్తే ఒక్కోసారి ఏమీ కాదు, ఒక్కోసారి ‘వెంకట’ ఎక్కడో జారిపోతుంది. మా అన్నయ్య కొడుకు అమెరికాలో పదిహేనేళ్లుగా ‘వెంకట’. ఇంట్లో పిలిచే పేరు సుధాకర్, అది మూడో మాట కనుక ఆఫీసులో ఎవరికీ తెలియదు. వాడి ఆఫీసులో వెంకటలు నలుగురట.

ఆ కౌంటరు అమ్మాయి ఇంకో అనుమానం అడిగింది, అది నాకు నచ్చింది. ఆమె తమిళురాలు. సర్టిఫికెట్లలో ఒకదాని మీద ‘టి. ఎన్. వి. లిఖిత’ అని ఉంటే, “టి అంటే మీ పేరు కదా సార్?” అంది. తమిళనాడులో ఇనిషియల్ తండ్రి పేరు. ఎం.కె. స్టాలిన్‌లో కె అంటే కరుణానిధి, ఆయన తండ్రి. మనకు అలా కాదు. ఎన్.టి. రామారావులో ఎన్ అంటే నందమూరి, ఇంటిపేరు. టి అంటే తారక, అది ఆయన సొంత పేరులోనిదే. చూడటానికి రెండూ ఒకేలాంటి చుక్క అక్షరాలు, లోపల సరుకు వేరు. కనుక పితృనామం అన్న మాట మనకన్నా వాళ్లకే దగ్గర. ఇది ఆమెకు నేను చెప్పగలిగాను. పోయిన పరువులో పదో వంతు తిరిగి వచ్చింది.

పత్రం మాత్రం తీసుకోలేదు. పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం అక్షరం ఉండాలి, విశ్వవిద్యాలయం మళ్లీ తెప్పించుకోవాలి అంది. తిరుగు రైలులో గూడూరు దాటేదాకా అమ్మాయి మాట్లాడలేదు. తరువాత, “నాన్నా, ఈసారి నేను నింపుతాను” అంది.

కన్సల్టెన్సీవాళ్లు సవరణకు పదిహేను వేలు అడిగారు. నేను ఇవ్వలేదు. వాళ్లు నింపిన ఫారం అచ్చు ప్రతి నా దగ్గర ఉంది, మూడు గళ్లు వాళ్ల తప్పేనని బల్ల మీద పెట్టి చూపించాను. నాలుగో గడి సంగతి వాళ్లూ ఎత్తారు, నేను వినిపించుకోలేదు. ఎవరైనా సరే, ఆ అచ్చు ప్రతి తీసుకోకుండా అక్కడి నుంచి లేవకండి. “మేము చూసుకుంటాం” అనే మాటను అసలే నమ్మకండి.

అమ్మాయి విశ్వవిద్యాలయానికి నేరుగా మెయిల్ రాసింది. రెండో రోజే జవాబు వచ్చింది. రష్యన్ ఫారాల్లో పితృనామం మాట పక్కన మామూలుగా ‘ప్రి నలీచియి’ అని ఉంటుందట, అంటే ‘ఉంటేనే’ అని. ఇంగ్లీషు ఫారంలో ఆ మాట ఎగిరిపోయింది. పాస్‌పోర్టులో పితృనామం లేని విదేశీయులు దాన్ని ఖాళీగా వదలాలి, తండ్రి పేరు తెచ్చి పెట్టకూడదు అని రాశారు. అది వంశం అడిగే ప్రశ్న కాదు, పేరులో భాగం అడిగే ప్రశ్న. గగారిన్ పాస్‌పోర్టులో అలెక్సేయెవిచ్ ఉంటుంది, మా అమ్మాయి పాస్‌పోర్టులో శ్రీనివాసరావు లేడు. ఇంత చిన్న సంగతి పది నిమిషాల ఉపన్యాసంలో నాకు తట్టలేదు.

ఈసారి సర్‌నేమ్ తాటికొండ, ఫస్ట్ నేమ్ నాగ వెంకట లిఖిత, మిగిలిన రెండూ ఖాళీ. కొత్త పత్రం రావడానికి 26 రోజులు పట్టింది. దానిలో పేరు రష్యన్ లిపిలోనూ ఉంటుంది. పాస్‌పోర్టుకు రష్యన్‌లో నోటరీ చేసిన అనువాదం కూడా అక్కడ కావాలి. ఆ రెండింటిలో వర్ణక్రమం ఒకటిగా ఉండాలని, లేకపోతే మళ్లీ తిప్పలని, అక్కడ చదువుతున్న తెనాలి అమ్మాయి ఒకరు చెప్పారు. ‘లిఖిత’లో ‘ఖ’కు రష్యన్‌లో అక్షరం లేదు. మామూలు క రాయవచ్చు, గొంతులో పలికే హ లాంటి అక్షరం రాయవచ్చు. ఏదైనా ఒకటే, కానీ రెండు కాగితాల్లోనూ అదే ఉండాలి. ఆ పత్రాన్ని ఫొటో తీసి అనువాదకుడికి ముందే పంపించాం.

సామాను సర్దుతుంటే నిన్న అమ్మాయి నోటుపుస్తకం అట్ట మీద పేరు రాసుకుంటోంది. ‘లిఖిత శ్రీనివాసొవ్న’ అని రాసి నా వైపు తిప్పింది. అది ఏ ఫారంలోనూ చెల్లదని చెప్పాను. తెలుసు నాన్నా అంది.