బోర్డు మీద నాలుగు మాటలు

బొటిక్ బోర్డుకి ట్యాగ్‌లైన్ కోసం వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా. ముందు "చెప్పిన రోజుకే" అనుకున్నా, చిన్నగా బానే ఉంది, కానీ శ్రావణమాసంలో ఆ బోర్డు కింద కూర్చుని "అక్కా, ఇంకో రెండ్రోజులు" అని ఏ మొహంతో చెప్పను? "పర్ఫెక్ట్ ఫిట్టింగ్" అయితే వీధిలో ప్రతి షాపుకీ ఉంది.

మొన్న ఒకావిడ రెండేళ్ల కిందటి బ్లౌజు పట్టడం లేదని తెచ్చింది. తిప్పి చూస్తే పక్క కుట్ల దగ్గర నేను వదిలిన అంగుళం గుడ్డ అలాగే ఉంది, బిగువుగా ఉన్న కుట్టు విప్పితే అంచు వైపున్న రెండో కుట్టుకి వదులైపోయింది, పావుగంట పని. వెంటనే "వచ్చే ఏడాదీ పడుతుంది" అని రాసుకున్నా. మావారికి తెగ నచ్చింది. కానీ టిష్యూ, ఆర్గంజా బ్లౌజులు విప్పితే పాత సూది రంధ్రాలు వరసగా కనిపిస్తాయి, చంక దాకా మగ్గం వర్క్ ఉంటే అసలు కుదరదు, అప్పుడు ఆ మాట అబద్ధమే కదా.

చివరికి ఫలితం గురించి కాకుండా నేను చేసే పనే రాయించా: "లోపల అంగుళం వదిలి కుడతాం".

నిన్న ఒకమ్మాయి డెలివరీ తీసుకుంటూ బ్లౌజు తిరగేసి టేపు పెట్టి కొలిచింది!