పొటాషియం ఊదా మంట: పదకొండో ప్రయత్నం, ఈసారి దొంగ దొరికాడు (సగం)

ఒక్కో పదార్థాన్ని తీగ కొన మీద పెట్టి మంటలో ఏ రంగు వస్తుందో చూస్తున్నాను. ముందు బాగా వచ్చినవి చెప్పేసి అసలు గొడవలోకి వస్తాను. మైలుతుత్తం ఆకుపచ్చ, మొదటిసారికే వచ్చింది. క్యారమ్ బోర్డు పౌడరులోని బోరిక్ ఆమ్లం కూడా ఆకుపచ్చే, ఇంకా బాగా వచ్చింది. సున్నాన్ని ఆమ్లంలో కలిపి పెడితే ఇటుక రంగు. వీటి గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పొటాషియం మాత్రం నెల రోజులుగా నా ప్రాణం తీస్తోంది. వంకాయ పువ్వు రంగులో లేత ఊదా మంట రావాలి. నాకు మొదటి తొమ్మిది ప్రయత్నాల్లో తొమ్మిదిసార్లూ పసుపే వచ్చింది, అది కూడా పాత వీధి దీపాల పసుపు. అంటే సోడియం. అమ్మ డాబా మెట్ల మీద నుంచే "ఏరా, నిన్నటి రంగేగా ఇది" అని కిందకి వెళ్ళిపోయింది.

పొటాషియం కోసం నేను వాడుతున్నది ఎరువుల కొట్లో దొరికే పొటాష్, అంటే పొటాషియం క్లోరైడ్, KCl. ఎర్రది, తెల్లది రెండూ ఉంటాయి. ఎర్రదానికి ఆ రంగు ఇనుము వల్ల వస్తుంది, ఈ పనికి దాన్ని కొనకండి, వడపోయడానికే ఒక పూట పోతుంది. తెల్లదైనా ఎరువే, మందు కాదు, అందులో మామూలు ఉప్పు, అంటే సోడియం, కొంత ఉంటుంది. ఆ కొంచెమే కొంప ముంచుతుంది. 1860లో బున్సెన్, కిర్కాఫ్ అనే శాస్త్రవేత్తలు వెలుగుని రంగుల గీతలుగా విడదీసే తమ స్పెక్ట్రోస్కోపుతో మిల్లీగ్రాములో 30 లక్షల వంతు కన్నా తక్కువ సోడియాన్ని కూడా పట్టగలమని లెక్క చెప్పారు. నేను చూస్తే గుంటూరు ఎండలో చెమట కారుతున్న వేళ్ళతో తీగ పట్టుకుంటున్నాను.

అందుకే మొదట ఏమీ పెట్టని ఖాళీ తీగను మంటలో ఉంచి, పసుపు పోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలవడం మొదలుపెట్టాను. తీగ పాత హీటర్ కాయిల్ ముక్కే. కడగకుండా పెడితే 70 సెకన్లకి కూడా పోలేదు. బాత్రూమ్ కడిగే నీలం ద్రావకంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కదా అని అందులో ముంచాను, పసుపు ఇంకా ఎక్కువైంది. రంగు, చిక్కదనం కోసం అందులో ఇంకేవేవో కలుపుతారు, నా ఊహ ఆ వచ్చే సోడియం వాటిదేనని. లాబ్ గ్రేడ్ ఆమ్లం కొని ముంచడం, కాల్చడం, మళ్ళీ ముంచడం ఆరుసార్లు చేస్తే 12 సెకన్లకి దిగింది. అక్కడ ఆగిపోయింది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, తీగను గుచ్చిన గాజు కడ్డీ మంటకి రెండు అంగుళాల దూరంలోనే ఉంది. గాజు వేడెక్కితే అదే సోడియం వదులుతుంది. కడ్డీ తీసేసి, పొడవు తీగను పట్టకారుతో పట్టుకుంటే 3 సెకన్లు. నీళ్ళు కూడా మార్చాను, బోరు నీళ్ళు బంద్, అన్నిటికీ బ్యాటరీ వాటరే. ఐస్‌క్రీమ్ పుల్లలు నానబెట్టి కాల్చే పద్ధతి చాలామంది చెబుతారు, నాకు నచ్చదు. పుల్లలోనే పొటాషియం, సోడియం రెండూ ఉంటాయి, ఏది ఎవరిదో చెప్పలేం.

తర్వాత పొటాష్‌ని శుద్ధి చేశాను. ఇక్కడ ప్రకృతి కొంచెం సాయం చేస్తుంది. 100 గ్రాముల మరిగే నీళ్ళలో KCl దాదాపు 56 గ్రాములు కరుగుతుంది, 10 డిగ్రీల దగ్గర 31 గ్రాములే. మామూలు ఉప్పు మాత్రం వేడిలోనైనా చల్లలోనైనా 36, 39 గ్రాముల మధ్యే ఉంటుంది. కాబట్టి 50 గ్రాముల పొటాష్‌ని 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళలో కరిగించి వేడిగానే వడపోసి ఫ్రిజ్‌లో పెడితే 19 గ్రాముల దాకా KCl గింజ కడుతుంది, ఉప్పు నీళ్ళలోనే ఉండిపోతుంది. నాకు 17 గ్రాములు వచ్చాయి. చల్లటి బ్యాటరీ వాటర్ కొద్దిగా పోసి కడిగి, ఇదే పని ఇంకోసారి చేస్తే మిగిలింది 5 గ్రాములు. మనకి కావాల్సింది తీగ కొన మీద చిటికెలో పదో వంతు, చాలు.

ఇంత చేసి పదో ప్రయత్నం పెడితే ఏమొచ్చింది? మొదటి నాలుగు సెకన్లు పసుపు, తర్వాత ఒక నీరసపు ఊదా నీడ, ఉందా లేదా అన్నట్టు. పక్కింటి వాళ్ళు డాబా ఊడిస్తే మళ్ళీ పసుపు మెరుపులు. చిరాకొచ్చి ఆ రోజుకి సిలిండర్ కట్టేశాను.

అసలు మలుపు ఇక్కడ. అప్పటిదాకా నేను మురికి గురించే ఆలోచించాను, కంటి గురించి ఆలోచించలేదు. పొటాషియం చివరి ఎలక్ట్రాన్ మామూలుగా 4s అనే శక్తి మెట్టు మీద ఉంటుంది. మంటలో వేడి అణువులు గుద్దితే 4p కి ఎక్కుతుంది, మళ్ళీ దిగేటప్పుడు ఆ తేడా అంతా ఒకే కాంతి రేణువుగా వదిలేస్తుంది. ఆ తేడా 1.62 ఎలక్ట్రాన్ వోల్టులు. 1240ని దానితో భాగిస్తే ఆ వెలుగు తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది, అంటే దాదాపు 766. అసలు లెక్కలో 766.5, 769.9 అని రెండు గీతలు, ఎందుకంటే 4p మెట్టే కొంచెం తేడాతో రెండుగా చీలి ఉంటుంది. సోడియం మెట్టు తేడా 2.1, అంటే 589. అదే పసుపు.

ఇప్పుడు ఎక్కడం ఎవరికి సులువు? చిన్న మెట్టు ఉన్న పొటాషియానికే. మంట 1800 డిగ్రీలు అనుకుని లెక్కేస్తే, ఏ క్షణాన చూసినా లక్ష సోడియం పరమాణువుల్లో రెండు మాత్రమే పై మెట్టు మీద ఉంటాయి, లక్ష పొటాషియం పరమాణువుల్లో 35 దాకా ఉంటాయి. పరమాణువుకి పరమాణువు లెక్కన పొటాషియమే ఎక్కువ వెలుగుతోందన్నమాట! కానీ ఆ వెలుగు 766 దగ్గర, ఎరుపు దాటి చీకటి మొదలయ్యే చోట. 589 దగ్గరి వెలుగుతో పోలిస్తే అక్కడ మన కన్ను చూపు దాదాపు ఇరవై వేలలో ఒక్క వంతే. మనకి ఊదాగా కనిపించేది ఎక్కువగా ఇంకో చిన్న గీత వల్ల. 5p అనే ఇంకా పై మెట్టు నుంచి 4s కి దిగితే 3.07 ఎలక్ట్రాన్ వోల్టులు, 404 నానోమీటర్ల వయొలెట్. ఆ మెట్టు ఎక్కేది కోటిలో ఒక్క పరమాణువు. కోటికి ఒకడు వేసే కేక వినాలని నేను నెల రోజులు కూర్చున్నాను, పక్కనే సోడియం మైకు పెట్టుకుని అరుస్తుంటే.

నీలం గాజు అడ్డుపెట్టుకో అని పుస్తకాల్లో ఉంటుంది. పెట్టాను. మొదటిది ఒక నీలం సీసా పెంకు, దాంట్లోంచి చూస్తే ఎరుపు కూడా కనపడలేదు. అన్ని నీలం గాజులూ ఒకటి కాదు. కోబాల్ట్ గాజు పసుపుని ఆపి, బాగా ముదురు ఎరుపునీ నీలాన్నీ వదులుతుంది. రాగితో చేసిన నీలం ఎరుపునే మింగేస్తుంది. పరీక్ష సులువు: పాత ఫిలమెంటు బల్బుని అందులోంచి చూడండి, ఫిలమెంటు అంచుల్లో ఎరుపు ఛాయ వస్తే కోబాల్ట్, రాకపోతే పక్కన పడేయండి. సరైన ముక్క దొరికాక మంట ముదురు ఎరుపు కలిసిన ఊదాగా కనపడింది, నిజమే, కానీ అది గాజు రంగా, మంట రంగా అనే అనుమానం నాకు పోలేదు.

దాంతో పదకొండోసారి కన్నుని పక్కన పెట్టాను. ఫోన్ కెమెరా పనికిరాదు, లోపల పరారుణం ఆపే ఫిల్టరు ఉంటుంది, అది 766ని కూడా చాలావరకు ఆపేస్తుంది. పాత వెబ్‌క్యామ్ విప్పి లెన్సు వెనక ఉన్న ఆ చిన్న ఎర్రటి తళుకు గాజుని సూదితో పీకేశాను (ఒక మూల చితికింది, ఫర్వాలేదు). టీవీ రిమోట్ నొక్కితే లైటు టార్చిలా కనపడింది, సరే పని అయింది. దాని ముందు నా డీవీడీ ముక్క స్పెక్ట్రోస్కోపు. సీడీ వద్దు, దాంట్లో గీతలు మిల్లీమీటరుకి 625, డీవీడీలో దాదాపు 1350, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కొలత కోసం పాత సీఎఫ్ఎల్ బల్బు. పాదరసం గీతలు 435.8 నానోమీటర్లది 212వ పిక్సెల్ మీద, 546.1 ది 478 మీద పడ్డాయి. అంటే పిక్సెల్‌కి 0.415 నానోమీటర్లు. ఈ లెక్కన సోడియం 582 దగ్గర రావాలి, 581 దగ్గర వచ్చింది. పొటాషియం 1009 దగ్గర మొదలవ్వాలి.

వచ్చింది! 1003, 1011 దగ్గర రెండు గీతలు, పక్కపక్కనే, తెల్లగా మండుతూ. సోడియం గీత వాటి ముందు వెలవెలబోయింది. లెక్క ప్రకారం 763.8, 767.1 అవుతాయి, అంటే రెండున్నర మూడు నానోమీటర్లు పక్కకి జరిగాయి. ముందు భయపడ్డాను కానీ రెండింటి మధ్య దూరం 3.3, ఉండాల్సింది 3.4. రెండూ ఒకేలా జరిగాయంటే తప్పు గీతలది కాదు, నా స్కేలుది. 436, 546 మధ్య గీసిన సరళరేఖని 766 దాకా లాగితే డీవీడీ గీతల గ్రేటింగు ఒప్పుకోదు, అక్కడ అది కొంచెం వంగుతుంది. ఎరుపు వైపు తెలిసిన గీత ఇంకొకటి ఉంటే సరిపోయేది. లిథియం 670.8 పనికొస్తుంది, ఉప్పు మాత్రం ఇంకా దొరకలేదు.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. శుద్ధి చేయని పొటాష్‌ని, కడగని తీగ మీద, ఇదే వెబ్‌క్యామ్ ముందు పెట్టి చూశాను. ఆ రెండు గీతలూ అలాగే స్పష్టంగా వచ్చాయి. గీతలు చూడటానికే అయితే ఆ ఆమ్లం, ఆ ఫ్రిజ్ కడుగుళ్ళు ఏవీ అక్కర్లేదు. కంటితో ఊదా చూడాలంటేనే అవన్నీ. 404 గీత మాత్రం 136వ పిక్సెల్ దగ్గర రావాలి, ఎక్స్‌పోజరు ఎంత పెంచినా రాలేదు. వెబ్‌క్యామ్‌కి ఆ వైపు చూపు తక్కువా, నా లెన్సు ప్లాస్టిక్ మింగేస్తోందా, లేక మంట సొంత నీలం వెలుగులో కలిసిపోతోందా తేలాలి. నా అనుమానం మూడోదాని మీద, ఎందుకంటే ఖాళీ మంటకే 430 దగ్గర ఒక పట్టీ ఉంటుంది, దాని చుట్టూ మసక.

పసుపు మీద ఇంత కోపం పెట్టుకున్నాను గానీ ఊరు గుర్తొస్తే నవ్వొస్తుంది. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ మా గుంటూరు నుంచే చూశాడు. ఆ ఏడాది సూర్యుడి అంచు మంటల్లో కనపడ్డ పసుపు గీతని మొదట సోడియందే అనుకున్నారు. అది 587.6 దగ్గర ఉంది, సోడియం 589.0 దగ్గర. ఆ ఒకటిన్నర నానోమీటరు తేడాయే హీలియం అనే కొత్త మూలకాన్ని పట్టించింది. నా పరికరంలో అది మూడు నాలుగు పిక్సెళ్ళు, నేనైతే సోడియమే అని రాసేసి పడుకునేవాణ్ణి.

వచ్చే ఆదివారం అరటి బోదె ఎండబెట్టి కాల్చిన బూడిద పెడతాను, శుద్ధి లేకుండా నేరుగా వెబ్‌క్యామ్‌కే. 404 కోసం స్పెక్ట్రోస్కోపు చీలికని సగానికి సన్నం చేసి, మంట అడుగు దగ్గర కాకుండా పైన, నీలం కోన దాటాక చూడాలి. ఈలోగా ఆ వెబ్‌క్యామ్‌ని ఎవరూ వీడియో కాల్‌కి వాడకుండా చీటీ అంటించాను, అందరి మొహాలూ గులాబీ రంగులో వస్తున్నాయి మరి.