డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎర్త్ ఫాల్ట్ కరెంట్: లెక్క నుంచి రిలే సెట్టింగ్ దాకా నా అనుభవం

33/11 కేవీ యార్డుల్లో రిలే సెట్టింగులు వేసేటప్పుడు నేను పట్టే క్రమం ఇది. మన రెండు రాష్ట్రాల్లోనూ తరచుగా కనిపించే 5 ఎంవీఏ, డీవైఎన్11 ట్రాన్స్‌ఫార్మర్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. దీనికి 33 కేవీ వైపు డెల్టా, 11 కేవీ వైపు స్టార్ ఉంటాయి. స్టార్ మధ్యబిందువు బయటికి తీసి ఉంటుంది. నేమ్‌ప్లేట్ మీద ఇంపిడెన్స్ 7.15 శాతం. ఆ న్యూట్రల్‌ను నేరుగా భూమికి కట్టామా, మధ్యలో రెసిస్టర్ పెట్టామా అన్నదాన్ని బట్టి మొత్తం లెక్క మారిపోతుంది.

ముందుగా దారి గీసుకుంటాను. జీరో సీక్వెన్స్ కరెంట్లంటే మూడు ఫేజుల్లోనూ ఒకే క్షణంలో ఒకే దిశలో నడిచే సమాన కరెంట్లు. మామూలు మూడు ఫేజుల కరెంట్లయితే ఒకదానికొకటి తిరుగుదారి అవుతాయి. వీటికి ఆ సౌకర్యం లేదు, నాలుగో దారి కావాలి. 11 కేవీ వైపు ఆ దారి న్యూట్రల్. ఫాల్ట్ దగ్గర భూమిలోకి దిగిన కరెంట్ న్యూట్రల్ గుండా పైకి వచ్చి మూడు వైండింగుల్లోకి పంచుకుంటుంది. స్టార్ వైండింగులో నడిచిన ఆంపియర్-టర్న్స్‌కు అదే లింబు మీదున్న డెల్టా వైండింగు బదులు చెప్పాలి. మూడు డెల్టా వైండింగుల్లోనూ ఒకే దిశలో కరెంట్ పుడుతుంది కాబట్టి అది ఆ ఉంగరంలోనే గుండ్రంగా తిరుగుతుంది, 33 కేవీ లైనులోకి అడుగుపెట్టదు. అంటే 11 కేవీ వైపు నుంచి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు షార్ట్ చేసినట్టుంటుంది, లీకేజీ ఇంపిడెన్స్ ఒక్కటే అడ్డు. 33 కేవీ వైపు నుంచి చూస్తే జీరో సీక్వెన్స్‌కు తలుపే లేదు.

ఇప్పుడు అంకెలు. 33 కేవీ బస్ దగ్గర ఫాల్ట్ లెవెల్ 250 ఎంవీఏ అనుకుందాం. 5 ఎంవీఏ బేస్ మీద అది 2 శాతం. ట్రాన్స్‌ఫార్మర్‌ది కలిపితే పాజిటివ్ సీక్వెన్స్ 9.15 శాతం, నెగటివ్ కూడా అంతే. 11 కేవీ ఫుల్ లోడ్ కరెంట్ 262.4 ఆంపియర్లు కాబట్టి మూడు ఫేజుల ఫాల్ట్ కరెంట్ సుమారు 2868 ఆంపియర్లు వస్తుంది.

ఎర్త్ ఫాల్ట్‌కు జీరో సీక్వెన్స్ విలువ కావాలి. అందులో 33 కేవీ సోర్సును కలపకూడదు, డెల్టా దగ్గరే దారి ముగిసిపోయింది. మూడు లింబుల కోరు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇది పాజిటివ్ విలువ కంటే కొంచెం తక్కువే ఉంటుంది. మూడు లింబుల ఫ్లక్సూ ఒకే దిశలో ఉండటంతో కొంత టాంకు గోడల గుండా తిరిగి వస్తుంది, టాంకు కూడా ఒక వదులు డెల్టాలా పనిచేస్తుంది. 90 శాతం అనుకుంటే 6.435 శాతం.

```
I = 3 × V / (Z1 + Z2 + Z0 + 3Rn)
```

ఇందులో Z1, Z2, Z0 వరుసగా పాజిటివ్, నెగటివ్, జీరో సీక్వెన్స్ ఇంపిడెన్సులు, Rn న్యూట్రల్‌లోని రెసిస్టర్, V ఫేజ్ వోల్టేజీ, 6351 వోల్టులు. 11 కేవీ వైపు 100 శాతం అంటే 24.2 ఓమ్‌లు కాబట్టి Z1, Z2 చెరో 2.214 ఓమ్‌లు, Z0 1.557 ఓమ్‌లు. న్యూట్రల్ నేరుగా భూమికి కట్టి ఉంటే Rn సున్నా. కరెంట్ 3183 ఆంపియర్లు వస్తుంది, మూడు ఫేజుల ఫాల్ట్ కంటే 11 శాతం ఎక్కువ. ఒక్క ఫేజు భూమికి తగిలితే మూడూ తగిలినదానికంటే ఎక్కువ ఎలా వస్తుందని కొత్తగా చేరిన ఇంజినీర్లు ఈ చోట ఆగిపోతారు. తప్పేమీ లేదు. సోర్సు ఇంపిడెన్స్ మూడు సీక్వెన్సుల్లో రెండింటికే పడింది, మూడోదానికి మినహాయింపు దొరికింది. సోర్సు ఎంత బలహీనమైతే ఈ తేడా అంత పెరుగుతుంది.

90 శాతం అన్నది ఊహ. సైట్లో కొలుస్తాను, పెద్ద పనేం కాదు. 33 కేవీ బుషింగులను లైను నుంచి విడదీసి అలాగే వదిలేస్తాను, డెల్టా లోపల ఎలాగూ మూసే ఉంటుంది. 11 కేవీ మూడు ఫేజు బుషింగులనూ రాగి పట్టీతో కలిపి, న్యూట్రల్‌ను ఎర్త్ నుంచి విప్పి, ఈ రెండింటి మధ్య సింగిల్ ఫేజ్ వేరియాక్‌తో మెల్లగా వోల్టేజీ ఎక్కిస్తాను. మొత్తం కరెంట్ 25.1 ఆంపియర్లు వచ్చినప్పుడు వోల్టేజీ 13.0 అయితే, మూడు వైండింగులూ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి మూడుతో గుణించి, 3 × 13.0 / 25.1 = 1.554 ఓమ్‌లు. అంటే 6.42 శాతం.

ఇక్కడ రెండు పొరపాట్లు మామూలుగా జరుగుతాయి. మొదటిది మూడుతో గుణించడం మరచిపోవడం. అప్పుడు 2.14 శాతమే వస్తుంది, దాంతో లెక్కేస్తే ఎర్త్ ఫాల్ట్ 3850 ఆంపియర్లని తప్పుడు అంకె పుడుతుంది. రెండోది వోల్టేజీని వేరియాక్ దగ్గర చదవడం. మనం కొలిచేదే అర ఓమ్, కేబుళ్లూ క్లిప్పులూ కలిపి అందులో 0.1 ఓమ్ సులువుగా చేర్చేస్తాయి. వోల్ట్‌మీటర్ వైర్లు వేరుగా, నేరుగా బుషింగు కాడల మీదే పట్టాలి. విలువ ఊహించినదానికి అనేక రెట్లు వస్తే డెల్టా లోపల ఎక్కడో తెగిందేమో చూడాలి.

తర్వాత ఇదే ఫాల్ట్ 33 కేవీ వైపు ఎలా కనిపిస్తుందో చూస్తాను. మూడు సీక్వెన్సులూ కలిపితే ఫాల్ట్ ఉన్న స్టార్ వైండింగులో 3183 ఆంపియర్లు, మిగతా రెండింటిలో సున్నా. టర్న్స్ నిష్పత్తి 33 ని 6.351 తో భాగిస్తే 5.196. అంటే ఎదురుగా ఉన్న డెల్టా వైండింగులో 613 ఆంపియర్లు. అది ఒక లైనులోంచి వచ్చి రెండో లైనులోంచి వెళ్లిపోతుంది, మూడో లైను ఖాళీ. 33 కేవీ సీటీల మొత్తం సున్నా. కాబట్టి 33 కేవీ ఎర్త్ ఫాల్ట్ రిలే 11 కేవీ ఫాల్టుకు కదలదు, కదలకూడదు కూడా. అందుకే దాన్ని తక్కువ కరెంటుకు, ఆలస్యం లేకుండా సెట్ చేసుకోవచ్చు. 11 కేవీ ఫాల్టుకు అది ట్రిప్ అవుతోందంటే సీటీ సాచురేట్ అవుతోందనో, వైరింగు తప్పనో అర్థం. ఓవర్‌కరెంట్ రిలేకి మాత్రం 613 ఆంపియర్లు కనిపిస్తాయి. ఫుల్ లోడ్ 87.5 ఆంపియర్లే కాబట్టి నేరుగా భూమికి కట్టిన న్యూట్రల్‌తో ఇది బ్యాకప్‌గా సరిపోతుంది.

రెసిస్టర్ పెట్టిన రోజున ఈ బ్యాకప్ మాయమవుతుంది. కేబుళ్లు, పెద్ద మోటార్లు ఉన్న ఫ్యాక్టరీల్లో ఎర్త్ ఫాల్ట్ కరెంటును 300 ఆంపియర్లకు కట్టడి చేయమని అడుగుతారు. 6351 ని 300 తో భాగిస్తే 21.2 ఓమ్‌లు. ఫార్ములాలో అది 3Rn గా, 63.5 ఓమ్‌లుగా పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్, సోర్సు కలిపిన 6 ఓమ్‌లు రియాక్టివ్, పైగా చిన్నవి. సరిగ్గా లెక్కేస్తే 299 ఆంపియర్లు. ఇక 33 కేవీ ఫాల్ట్ లెవెల్ మారినా ఈ అంకె మారదు, రెసిస్టరే యజమాని. ఈ 299 కి 33 కేవీ వైపు కనిపించేది 58 ఆంపియర్లే, ఫుల్ లోడ్ కంటే తక్కువ. అక్కడి ఓవర్‌కరెంట్ రిలేకి ఇది మామూలు లోడు. కాబట్టి న్యూట్రల్ సీటీ మీది రిలే ఒక్కటే చివరి కాపలా.

నేను చూసిన ఒక ఫ్యాక్టరీలో రెసిస్టర్ బిగించారు కానీ న్యూట్రల్ రిలే పాత సెట్టింగులోనే ఉంది: 400/1 సీటీ, 50 శాతం, అంటే 200 ఆంపియర్లు, స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్, టైమ్ మల్టిప్లయర్ 0.3. నేరుగా భూమికి కట్టి ఉన్నప్పుడు 3183 ఆంపియర్లకు ఇది 0.74 సెకన్లలో ట్రిప్ ఇచ్చేది. 299 కి 5.2 సెకన్లు పడుతుంది. ఫాల్ట్ దగ్గరే 4 ఓమ్‌ల అడ్డు ఉంటే కరెంట్ 250 కి పడుతుంది, సమయం 9.4 సెకన్లకు చేరుతుంది. రెసిస్టర్ రేటింగ్ 10 సెకన్లు! 11 ఓమ్‌లు దాటితే కరెంట్ 200 లోపే ఉంటుంది, రిలే అసలు ఎత్తదు. ఫీడర్ రిలే పనిచేయకపోతే రెసిస్టర్ ఎర్రబడి మెల్లగా కాలిపోవడం తప్ప మరేమీ జరగదు. ఫీడర్లకు కోర్ బ్యాలెన్స్ సీటీలు పెట్టి 20 ఆంపియర్లు, 0.3 సెకన్లు, న్యూట్రల్ రిలేకి 30 ఆంపియర్లు, డెఫినిట్ టైమ్ 2 సెకన్లు వేశాక లెక్క కుదిరింది. న్యూట్రల్ సీటీ గుండా 60 ఆంపియర్లు ప్రైమరీ ఇంజెక్షన్ ఇచ్చి బ్రేకర్ నిజంగా తెరుచుకునేదాకా చూస్తేనే ఆ పని ముగిసినట్టు.

రెసిస్టర్‌తో పాటు మార్చాల్సిన మరో వస్తువును చాలామంది మరచిపోతారు. నేరుగా భూమికి కట్టిన 11 కేవీకి మన దగ్గర 9 కేవీ లైట్నింగ్ అరెస్టర్లు వాడతారు. రెసిస్టర్ ఉంటే ఫాల్ట్ సమయంలో మిగతా రెండు ఫేజులూ భూమితో పోల్చితే 6.35 నుంచి దాదాపు 11 కేవీకి లేస్తాయి. అప్పుడు 12 కేవీ అరెస్టర్లు కావాలి, పీటీల వోల్టేజ్ ఫ్యాక్టర్ 1.5 కాక 1.9 ఉండాలి. 433 వోల్టుల వినియోగదారులకు మాత్రం ఈ ఎగుడుదిగుడు తగలదు. కింది ట్రాన్స్‌ఫార్మర్లకూ 11 కేవీ వైపు డెల్టాయే కదా, అక్కడా జీరో సీక్వెన్స్ ఆగిపోతుంది.

రెసిస్టర్ లోపల గ్రిడ్ తెగితే ఎవరికీ తెలియదు. మామూలు రోజుల్లో న్యూట్రల్‌లో కరెంట్ దాదాపు సున్నానే, తెగినా సున్నానే. తెగాక వచ్చే మొదటి ఎర్త్ ఫాల్టుకు కేబుళ్ల కెపాసిటెన్స్ కరెంట్ తప్ప ఏమీ పారదు, న్యూట్రల్ రిలే కూడా మౌనంగా ఉంటుంది, 11 కేవీ మొత్తం తేలుతూ నడుస్తుంది. అందుకే బస్ పీటీ ఓపెన్ డెల్టా మీద ఒక వోల్టేజ్ రిలే పెట్టిస్తాను. షట్‌డౌన్ దొరికినప్పుడల్లా రెసిస్టర్‌ను రెండు కొసల మధ్య కొలిచి రిజిస్టరులో రాయిస్తాను. 21.2 రావాల్సిన చోట 28 కనిపిస్తే సమాంతర గ్రిడ్లలో ఒకటి పోయినట్టే. అలాంటప్పుడు ముందుగా చూడాల్సింది గ్రిడ్లను కలిపే బోల్టు జాయింట్లు.