షాప్ అగ్రిమెంట్ మీద సంతకం అయింది

కూకట్‌పల్లిలో సెలూన్‌కి షటర్ దొరికింది, అద్దె నెలకి 45,000. ఓనర్ అంకుల్ మొదట అందరికీ ఇచ్చే పదకొండు నెలల అగ్రిమెంటే ఇస్తానన్నారు, "ప్రతి ఏడాదీ రెన్యూ చేసుకుందాం అమ్మా, నేనెక్కడికి పోతాను" అని. మనిషి మంచివారే, కానీ ఇంటీరియర్‌కి నాకయ్యేది 9 లక్షలు, ప్లంబింగ్, టైల్స్, ఫాల్ సీలింగ్ ఇవేవీ ఖాళీ చేసేటప్పుడు పీక్కుని వెళ్లేవి కాదు కదా. అదే ఆయన ముందు కాగితం మీద లెక్కేసి చూపించా: పదకొండు నెలలకైతే నెలకి దాదాపు 82,000 పడుతుంది, అంటే అద్దెకన్నా ఎక్కువ, అదే అయిదేళ్లకైతే 15,000. అప్పుడు కాసేపు ఆలోచించి అయిదేళ్లకి సరే అన్నారు, ఏటా 5 శాతం పెంపుతో. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే కాబట్టి ఆ ఖర్చు నేనే పెట్టుకున్నా. ఈ అయిదేళ్లలో అద్దె సరిగ్గా కడుతున్నంత కాలం ఆయన ఖాళీ చేయించకూడదు, నేను మాత్రం మూడు నెలల నోటీసుతో వెళ్లొచ్చు అని రాయించా.

పని జరిగే రోజులకి అద్దె వద్దని నలభై అయిదు రోజులు అడిగితే ముప్పైకి ఒప్పుకున్నారు. ఆ ముప్పై ఎప్పట్నుంచి లెక్క అన్నదాని దగ్గరే గట్టిగా నిలబడ్డా. గీజర్లకీ ఏసీలకీ త్రీ ఫేజ్ కావాలి, మీటర్ ఆయన పేరు మీదుంది, ఆయన సంతకం లేకుండా లోడ్ పెంచడం కుదరదు, అది లేటైతే ఫ్రీ రోజులన్నీ ఖాళీ షాపులోనే అయిపోతాయి. అందుకే సంతకం రోజు నుంచి కాకుండా, తాళాలు ఇచ్చి కరెంటు లోడ్ వచ్చిన రోజు నుంచి అని రాసుకున్నాం.